సి-షిఫ్టు వారంలో పాపనెవరు చూస్తారు?

విశాఖ ఉక్కు కర్మాగారంలో రోజుకు మూడు షిఫ్టులు. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఎ, 2 నుంచి రాత్రి 10 దాకా బి, 10 నుంచి తెల్లారి 6 దాకా సి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ఆడపేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులను రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉండాలి మరి. అక్కడ డ్యూటీ దిగే మనిషి చూపంతా గేటు వైపే. రిలీవర్ రావాలి. రాకపోతే డబుల్ డ్యూటీ చెయ్యాలి. అలాంటివి వరసగా పడితే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. నిద్ర చాలని మనిషి చేతిలో క్రేన్ ఉంటే ఏమవుతుందో ఆ షాపులో అందరికీ తెలుసు.

అదే మనిషి ఇంటికొచ్చేసరికి, మూడు నెలల పాపతో ఆయన భార్య రిలీవర్ లేకుండా డ్యూటీలో ఉంటుంది. రాత్రీ ఆమెదే, పగలూ ఆమెదే. ఈ డ్యూటీకి హాజరు పట్టీ ఉండదు, అందుకే ఎవరికీ కనిపించదు.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఈ ఊళ్లో చాలా ఇళ్లలో కనిపించే పోలికలు కలిపి చెప్పుకుంటున్నది. కూర్మన్నపాలెంలో రెండు గదుల వాటా. ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి. ఆమెది శ్రీకాకుళం జిల్లా. మొదటి కాన్పు, ఆనవాయితీ ప్రకారం పుట్టింట్లోనే. అక్కడ రాత్రిపూట పాప ఏడిస్తే వాళ్లమ్మ లేచేది, లేదా అమ్మమ్మ లేచేది. ఈమె పాలివ్వడం వరకే. పురిటి స్నానాలు, సాంబ్రాణి ధూపం, వెల్లుల్లి కారం, పొద్దున ఒకరు ఎత్తుకుంటే సాయంత్రం ఇంకొకరు. ఇరవయ్యొకటో రోజు ఉయ్యాల వేడుకకు ఆయన వచ్చి వెళ్లాడు. మూడో నెల పెట్టగానే సారెతో సహా తల్లిని, పిల్లను విశాఖ తెచ్చి దిగబెట్టారు. వాళ్లమ్మ మూడ్రోజులుండి, పొలం పనులున్నాయని వెళ్లిపోయింది.

పుట్టింటి పురుడు మంచి ఏర్పాటని నేనూ ఒప్పుకుంటాను. దానికి ఒక లోటుంది. పాప రాత్రిళ్లు ఎలా ఉంటుందో నేర్చుకోవాల్సిన తొలి నెలల్లో తండ్రి ఆ ఇంట్లో ఉండడు. ఆమె అత్తింటికో, క్వార్టర్‌కో వచ్చేనాటికి ఆయనకు డైపర్ మార్చడం రాదు, త్రేన్పు తీయించడం రాదు. ఆమెకు అన్నీ వచ్చు. వచ్చినవాళ్లే చేస్తారు కాబట్టి ఆ పనులన్నీ ఆమెకే మిగిలిపోతాయి. పైగా బాలింత అన్న గౌరవం కూడా ఆ పాటికి అయిపోతుంది. మూడో నెల వచ్చాక ఆమెను ఎవరూ బాలింతగా చూడరు. ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటు మాత్రం మొదటి నెలతో గడువు ముగిసే జబ్బు కాదు. ఏడాదిలోపు ఎప్పుడైనా బయటపడవచ్చు.

ముందు నిద్ర లెక్క చూద్దాం. మొదటి వారాల్లో బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. మూడో నెలకు రాత్రి రెండు మూడు సార్లకు తగ్గవచ్చు. లేచి, పాలిచ్చి, త్రేన్పు తీయించి, తడి మార్చి, మళ్లీ నిద్రపుచ్చేసరికి ఒక్కో విడతకు ముప్పావు గంట, గంట. ఆ తర్వాత తల్లికి మళ్లీ నిద్ర పట్టాలి. అన్నీ కూడితే ఆమె ఆరు గంటలు పడుకున్నట్టే లెక్క తేలుతుంది. కానీ అదంతా గంటా గంటన్నర ముక్కల్లో పడింది. మనిషి నిద్రలో ఒక ఆవృత్తికే సుమారు గంటన్నర పడుతుంది. అది పూర్తయ్యీ కాకుండానే లేపేస్తుంటే ఆరు గంటల నిద్ర ఆరు గంటల ఫలితం ఇవ్వదు. అందుకే బాలింతల మానసిక ఆరోగ్యం చూసే వైద్యులు మొత్తం గంటల కంటే ముందు ఒక సంగతి అడుగుతారు. రోజులో ఒక్కసారైనా నాలుగైదు గంటలు ఏకధాటిగా పడుకుంటున్నారా?

రాత్రి డ్యూటీ పంచుకోవడమంటే ఈ నాలుగైదు గంటలను ఆమెకు సంపాదించి పెట్టడమే. ఒకసారి నువ్వు లే, ఒకసారి నేను లేస్తానని వంతులేసుకుంటే చూడ్డానికి న్యాయంగా ఉంటుంది గానీ ఇద్దరి నిద్రా ముక్కలవుతుంది. రాత్రిని మధ్యకు కోసి ఒక ముక్క పూర్తిగా ఒకరికి, రెండోది పూర్తిగా మరొకరికి ఇవ్వడం మేలు. షిఫ్టు మారినప్పుడల్లా ఆ కోత జరుగుతూ ఉండాలి. మన ఉదాహరణలో ఆయనకు వారం వారం షిఫ్టు మారుతుందనుకుందాం.

బి-షిఫ్టు వారం అన్నిటికన్నా సులువు. ఆయన పదింటికి దిగి పదకొండు లోపు ఇల్లు చేరతాడు. ఆమె అప్పుడే పాలిచ్చి పాపను అప్పగించి, వేరే గదిలో తలుపు వేసుకుని పడుకుంటుంది. పదకొండు నుంచి నాలుగు దాకా డ్యూటీ ఆయనది. మధ్యలో ఒకటిన్నరకో రెండుకో పాప లేస్తే పొద్దున పిండి ఉంచిన పాలు పడతాడు. నాలుగింటికి ఆమె లేస్తుంది, ఆయన పదింటి దాకా పడుకుంటాడు. ఆమెకు ఐదు గంటలు, ఆయనకు ఆరు.

ఎ-షిఫ్టు వారంలో రాత్రంతా ఆయన ఇంట్లోనే ఉంటాడు కదా, ఇదే తేలిక అనుకుంటాం. నిజానికి చాలా ఇళ్లలో తల్లి ఎక్కువ నలిగేది ఈ వారమే. తెల్లారి నాలుగున్నరకు లేవాలి, పాపం పడుకోనీ అని ఆయన నిద్రకు ఇల్లంతా కాపలా కాస్తుంది. పాప కిక్కురుమంటే ఆమె ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంది. దీనికి మార్గం, ఆమె రాత్రిని ముందుకు జరపడం. ఏడున్నరకు భోజనం, ఎనిమిదికి పాలిచ్చి నిద్ర. ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా పాప ఆయన దగ్గర. ఆ తర్వాత ఆయన నాలుగు గంటలు పడుకుని డ్యూటీకి పోతాడు, మూడింటికి ఇల్లు చేరి ఐదు దాకా మళ్లీ పడుకుంటాడు. ఆయనకు ఇది బొటాబొటీ. క్రేన్ మీదో, కరిగిన ఇనుము దగ్గరో పనిచేసే మనిషైతే పదకొండింటికే దిగిపోవాలి, తక్కిన గంటన్నర ఇంకెవరైనా చూడాలి.

సి-షిఫ్టు వారంలో తొమ్మిదింటికి ఇల్లు వదిలిన మనిషి మర్నాడు ఏడింటికి గాని రాడు. రాత్రంతా ఆమె ఒక్కతే. గుమ్మంలోనే పాపను చేతికిచ్చి ‘ఇక మీ వంతు’ అనాలనిపిస్తుంది, తప్పు లేదు. కానీ రాత్రంతా మేలుకుని, జాతీయ రహదారి మీద బండి నడుపుకొచ్చిన మనిషి పాపను గుండె మీద వేసుకుని సోఫాలో వాలితే అది ప్రమాదం. సోఫాలో పెద్దవాళ్లు కునుకు తీస్తే పసిబిడ్డకు ఊపిరాడకపోవచ్చు. కాబట్టి ఏడున్నర నుంచి ఒంటిగంట దాకా ఆయన నిద్ర, ఒకటిన్నర నుంచి ఆరు దాకా ఆమె నిద్ర. కిటికీలకు దుప్పటి కట్టి గది చీకటి చెయ్యాలి, పాప ఆ గదిలో ఉండకూడదు. డ్యూటీకి వెళ్లే ముందు ఆయనకు ఇంకో గంటన్నర కునుకు. పగటి నిద్ర రాత్రి నిద్రంత బాగుండదు, అయినా ముక్కల నిద్ర కన్నా నయం.

చోడవరం నుంచి అత్తగారు వచ్చి నెలకో వారం ఉండగలనంటే ఆ వారం ఏదో తెలిసిపోయింది కదా. సి-షిఫ్టు వారమే. వీలు చూసుకుని ఏదో ఒక వారం వస్తే బి-షిఫ్టులో నలుగురు చేతులు చాపుతారు, సి-షిఫ్టులో ఒక్కరూ ఉండరు.

సెలవు సంగతీ ఇంతే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది, బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవచ్చు. ప్రభుత్వ రంగ సంస్థల్లో ఎవరి నిబంధనలు వాళ్లవి. కాంట్రాక్టు కార్మికుడికి చట్టం ఏమీ ఇవ్వలేదు. తల్లికి 26 వారాలిచ్చిన 2017 నాటి ప్రసూతి చట్ట సవరణలో తండ్రి ఊసే లేదు. ఉన్నవాళ్లు కూడా ఆ సెలవును పుట్టింట్లో ముగ్గురాడవాళ్ల మధ్య కుర్చీలో కూర్చుని ఖర్చు చేసేస్తారు. ఆమె తిరిగొచ్చే వారానికి దాచుకుంటే ఆయన రాత్రి పనులు నేర్చుకునే బడి అదే అవుతుంది.

‘పాలిచ్చేది తనే కదా, నేను లేచి ఏం చెయ్యను?’ అనే మాట ఒకటుంది. పొద్దున్నే పాలు ఎక్కువగా ఉంటాయి. పాప తాగాక పిండితే ఒక పూటకు సరిపడా, అంటే సుమారు 100 మిల్లీలీటర్లు, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. చల్లని గదిలోనైతే నాలుగు గంటలు ఆగుతాయంటారు గానీ విశాఖ ఉక్కకు ఆ లెక్క పనికిరాదు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. అక్కడ నాలుగు రోజులుంటాయి. స్టౌ మీద కాచకుండా వేడినీళ్ల గిన్నెలో ఉంచి గోరువెచ్చగా చేసి, మరిగించి ఆరబెట్టిన ఉగ్గుగిన్నెతో పట్టాలి. మిగిలినవి పారబోయాల్సిందే. పిండడం పడకపోతే ఆయన పాపను తెచ్చి ఆమె పక్కన పడుకోబెట్టి, తాగేదాకా దగ్గరే మెలకువగా కూర్చోవచ్చు. తాగాక పాపను తీసుకెళ్లి భుజాన వేసుకోవడం, తడి మార్చడం, జోకొట్టడం ఆయన పని. పాలివ్వడం పావుగంట. ఆమె నిద్రను తినేది మిగిలిన అరగంట.

ఇదంతా అలసట గురించి. ఈ రాత్రి పంపకం వల్ల మరో ఉపయోగం ఉంది, నా లెక్కలో అదే ముఖ్యం. అలసట ఏదో, జబ్బు ఏదో అది తేల్చిపెడుతుంది.

మన ఉదాహరణలోని ఇంట్లో రెండు వారాలు ఈ పద్ధతి నడిచిందనుకోండి. అలసట మాత్రమే అయితే ఆమె ముఖం తేటపడాలి. పడుకోగానే నిద్ర ముంచుకురావాలి. కానీ ఆమె చీకటి గదిలో కళ్లు తెరుచుకుని ఉంది. పాప పక్క గదిలో నిద్రపోతోంది, ఆయన మెలకువగా ఉన్నాడు, ఇంట్లో చడీ చప్పుడూ లేదు, అయినా నిద్ర రాదు. పాపకు ఊపిరాడుతోందా అని లేచి లేచి వెళ్లి చూస్తుంది. నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోవడం, అలసట కాదనడానికి మొదటి గుర్తు. పాప నవ్వుతోంది, మూడో నెల పిల్లలు బాగా నవ్వుతారు. అందరూ మురిసిపోతుంటే ఆమెకు లోపల ఏమీ కదలడం లేదు. ఇది రెండో గుర్తు. ‘నా కన్నా వేరే ఎవరికైనా పుట్టి ఉంటే బాగుండేది’ అని ఒకసారి అనేసి నాలిక్కరుచుకుంది. అది మూడోది.

‘మేం కన్లేదేటి? నలుగుర్ని కన్నాం, ఎవులికీ ఈ డిప్రెషన్లు లేవు’ అంటారు అత్తగారు. ఆవిడ అబద్ధమేమీ ఆడటం లేదు. ఆవిడ కన్నప్పుడు ఆ ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు, పెళ్లికాని ఆడపడుచు ఉండి ఉంటారు. రిలీవర్లకు కొదవ లేదు. ఆ రోజుల్లో కూడా కాన్పు తర్వాత మూలన కూర్చుని, పిల్లను ముట్టుకోకుండా ఉండిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లను బద్ధకస్తులనో, గాలి సోకిందనో అన్నారు. భారతదేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన సమీక్ష, బాలింతల్లో సుమారు 22 శాతం మందిలో కుంగుబాటు ఉందని తేల్చింది. ఐదుగురిలో ఒకరు.

కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో ఊరికే ఏడుపు రావడం వేరు. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడంతో అది చాలామందికి వస్తుంది, రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటాక కూడా పోకపోయినా, పోయి మళ్లీ వచ్చినా ఆగి ఆలోచించాలి.

వైద్యులు వాడే ఒక ప్రశ్నావళి ఉంది. 1987లో బ్రిటన్‌లో తయారైంది, ఎడిన్‌బరో ప్రశ్నావళి అంటారు. పదే ప్రశ్నలు, గడిచిన వారం రోజుల గురించి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. నవ్వు వస్తోందా, రేపటి మీద ఇష్టం ఉందా, ఊరికే తన్ను తాను నిందించుకుంటోందా, కారణం లేని దిగులు, భయం, పనులు మీద పడిపోతున్నట్టుండటం, మనసు బాగోక నిద్ర పట్టకపోవడం, విచారం, ఏడుపు, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన. అలసిపోయావా అని మాత్రం అడగదు, గమనించారా? కావాలనే వదిలేశారు. అడిగితే ప్రతి బాలింతా అవుననే అంటుంది, జబ్బున్న మనిషీ లేని మనిషీ ఒకే గాటన కలిసిపోతారు.

మన ఇంటామెకు వేసి చూద్దాం. నవ్వుకు 1, ఇష్టానికి 2, నిందకు 2, దిగులుకు 2, భయానికి 1, పనుల భారానికి 2, నిద్రకు 2, విచారానికి 1, ఏడుపుకు 1, ఆఖరి ప్రశ్నకు 0. మొత్తం 14. సాధారణంగా 13 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే కుంగుబాటు ఉండే అవకాశం ఎక్కువని, 10 వచ్చినా వైద్యుడు చూడటం మంచిదని లెక్క. ఇది పాసూ ఫెయిలూ కాదు, జబ్బు నిర్ధారణా కాదు. ఆమె ఎక్కువ ఏడవలేదని, ఏడుపుకు ఒక్క మార్కే పడిందని చూడండి. ఇంట్లోవాళ్లు ఏడుపు కోసమే చూస్తుంటారు, అందుకే తప్పిపోతారు. ఒక మినహాయింపు మాత్రం ఉంది. ఆఖరి ప్రశ్నకు సున్నా కాక మరేది వచ్చినా మొత్తం ఎంతని చూడక్కర్లేదు, ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. రాత్రి పంపకం రెండు వారాలు నడిపి చూద్దాం అనే మాట అక్కడ చెల్లదు.

ఎవరు అడగాలి ఈ ప్రశ్నలు? పాపకు టీకాలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడతాయి. తల్లి వెళ్లక తప్పని ఆ మూడు రోజులూ కుంగుబాటు పట్టుబడగలిగే కాలంలోనే ఉన్నాయి. బిడ్డ బరువు తూస్తారు, సూది వేస్తారు, జ్వరం వస్తే ఎన్ని చుక్కలు పట్టాలో చెబుతారు. పక్కన నిలబడ్డ తల్లిని ‘మీకెలా ఉంది’ అని అడిగేవాళ్లు అరుదు. అడిగేదాకా ఆగక్కర్లేదు. పద్నాలుగో వారం టీకా రోజున ఆయన వెంట వెళ్లి, తనే డాక్టరుతో ‘పడుకునే వీలున్నా మా ఆవిడకు నిద్ర పట్టడం లేదు’ అని ఒక్క వాక్యం చెబితే చాలు.

అక్కడి నుంచి జరగాల్సింది పెద్ద కష్టమేమీ కాదు. ముందు రక్త పరీక్షలు. రక్తహీనత ఉన్నా, కాన్పు తర్వాత థైరాయిడ్ అటూ ఇటూ అయినా కుంగుబాటు లాంటి లక్షణాలే కనిపిస్తాయి. అవి లేకపోతే, లేదా వాటితోపాటు, తీవ్రతను బట్టి కౌన్సెలింగ్, మందులు. పాలిచ్చే తల్లి మందులు వాడకూడదని ఇంట్లో పట్టుబడతారు. సెర్ట్రలిన్ లాంటివి పాలలోకి చాలా తక్కువగా వెళ్తాయి, పాలు మానక్కర్లేకుండానే వైద్యులు రాస్తారు. ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో ఏం మార్పు లేదని ఆపేసేవాళ్లు, బాగయింది కదా అని రెండో నెలలో ఆపేసేవాళ్లు, ఇద్దరూ మళ్లీ మొదటికొస్తారు. కోలుకున్నాక కూడా సుమారు ఆరు నెలలు వాడమంటారు. ఆమెకు గాని, ఆమె పుట్టింటివాళ్లలో గాని ఎప్పుడైనా మితిమీరిన ఉత్సాహం, మాటలు, ఖర్చులతో కూడిన బైపోలార్ జబ్బు ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి, అప్పుడు మందు మారుతుంది.

విశాఖలో ఎక్కడికి వెళ్లాలనే దగ్గర ఒక అడ్డు ఉంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన పాత ఆసుపత్రి. ఊళ్లో దానికున్న వాడుక పేరు మనందరికీ తెలుసు, ఆ పేరుకే జంకి గాజువాక నుంచి బయలుదేరని కుటుంబాలు ఎన్నో. కాన్పు చేసిన డాక్టరుతో మొదలుపెట్టవచ్చు. కాన్పు కేజీహెచ్‌లోనో, ఘోషాసుపత్రి అని పిలుచుకునే విక్టోరియా ఆసుపత్రిలోనో జరిగి ఉంటే అక్కడి ప్రసూతి వైద్యులనే అడగవచ్చు. అదీ కుదరకపోతే ఫోను ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్, నంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. సి-షిఫ్టు వారంలో, రాత్రి రెండు గంటలకు, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు కూడా పలికే నంబరు అది.

ఒక్క పరిస్థితిలో మాత్రం ఫోన్లతో కాలయాపన చెయ్యకూడదు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, మతిస్థిమితం తప్పే జబ్బు వస్తుంది. రెండు మూడు రోజులు నిద్ర లేకపోయినా అలుపు ఉండదు. ఆగకుండా మాట్లాడుతుంది. ఈ బిడ్డ నా బిడ్డ కాదంటుంది, ఎవరో ఏదో చేశారంటుంది, వినిపించని మాటలు వింటుంది. ఒక పూట మామూలుగా ఉండి మరో పూట మారిపోతుంది. దీన్నే గాలి సోకిందని తాయెత్తులకు తిప్పి, విలువైన రోజులు పోగొట్టుకుంటారు. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి. వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. చేర్చితే బిడ్డను లాక్కుంటారన్న భయం అక్కర్లేదు. మూడేళ్ల లోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా వేరు చెయ్యకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనైతే తల్లీబిడ్డలకు కలిపి ప్రత్యేక విభాగమే ఉంది.

భర్త ఓడ మీద ఉన్న ఇళ్ల మాటేమిటని ఈ ఊళ్లో ఎవరైనా అడుగుతారు. నౌకాదళం, మర్చంట్ నేవీ కుటుంబాలు ఇక్కడ తక్కువేం కాదు. ఆ ఇళ్లలో పై పట్టికలు పనికిరావు. జీతమిచ్చి పెట్టుకునే ఆయా అయినా, చెల్లెలైనా, నాలుగు గంటల నిద్రకు ఒక మనిషి ఉండాల్సిందే. పుట్టింట్లో ఐదో నెల దాకా ఉండటం అలాంటివాళ్లకు మంచిది, ఎవరేమన్నా సరే.

ఆయన సంగతి కూడా చెప్పుకోవాలి. బిడ్డ పుట్టిన తొలి ఏడాదిలో తండ్రుల్లోనూ సుమారు పది శాతం మందికి కుంగుబాటు వస్తుందని విదేశీ అధ్యయనాలు చెబుతున్నాయి, మూడు నుంచి ఆరు నెలల మధ్య అది ఎక్కువట. మన లెక్కలో ఆమె పుట్టింటి నుంచి తిరిగొచ్చాక నడిచే కాలం అదే. మగవాళ్లలో అది ఏడుపుగా కనిపించదు. చిరాకుగా, ఇంటికి ఆలస్యంగా రావడంగా, కావాలని ఓటీ రాయించుకోవడంగా, తాగుడు పెరగడంగా కనిపిస్తుంది. ఎ-షిఫ్టు వారంలో నాలుగు గంటల నిద్రతో వెళ్లే మనిషి తన ఫోర్‌మన్‌కు ఆ మాట చెప్పుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ వారం ఆయన్ను క్రేన్ నుంచి దించి కింది పనికి వేస్తే షాపుకూ మంచిదే.